నాలుగో నిమిషం

రిటైరయ్యాక సత్యవతి టీచరు ఇంటి వెనక వసారాలో గోడకి నల్లరంగు వేయించుకుంది. స్టాండుకి ఫోను బిగించి, నాలుగు, ఐదు తరగతుల లెక్కలు చెప్పి యూట్యూబ్‌లో పెట్టడం మొదలుపెట్టింది. కొబ్బరికాయల దింపు లెక్కలు, డెబ్బై ఐదు కిలోల ధాన్యం బస్తాలు, సఖినేటిపల్లి రేవులో పంటెక్కే జనం... మలికిపురం చుట్టుపక్కల పిల్లలకి తెలిసినవే ఆవిడ లెక్కల్లో ఉంటాయి. చూసేదీ ఆ పిల్లలే అనుకుంది.

సంక్రాంతికి వచ్చిన మనవడు కార్తీక్, మామ్మ ఛానెల్ లెక్కలు తెరిచి కాసేపు మాట్లాడలేదు.

"మామ్మా, నీ పాఠాలు అర్ధరాత్రి చూస్తున్నారే!"

గడిచిన నలభై ఎనిమిది గంటల్లో గంటగంటకీ ఎంతమంది చూశారో చూపించే గీతలవి. సాయంత్రం పొట్టిగా ఉన్నాయి. రాత్రి ఒంటిగంట నుంచి మూడు దాకా మాత్రం నిటారుగా లేచాయి. ఊళ్ల జాబితాలో రాజోలు కంటే పైన హైదరాబాద్ ఉంది. దాని కింద కువైట్ సిటీ, మస్కట్, దుబాయ్.

"హైదరాబాద్ వాళ్లు డీఎస్సీకి చదువుకునేవాళ్లై ఉంటారు. పాఠం ఎలా చెప్పాలో చూస్తారు," అన్నాడు. "మిగతావి ఏదో తప్పు లెక్క అయ్యుంటుంది."

తప్పు లెక్క అన్న మాట ఆవిడ అంత తేలిగ్గా ఒప్పుకునే మనిషి కాదు. "ఈ టైము మనదా, వాళ్లదా?"

"మనదే."

ఆవిడ సుద్దముక్క తీసింది. మన గడియారానికి ఆధారమైన ఎనభై రెండున్నర డిగ్రీల రేఖ కాకినాడ పక్కనుంచే పోతుంది. ఈ సంగతి చెప్పకుండా ఆవిడ ఏ ఏడూ పాఠం ముగించలేదు. కువైట్ గడియారం నలభై ఐదో డిగ్రీది. తేడా ముప్ఫై ఏడున్నర. డిగ్రీకి నాలుగు నిమిషాల చొప్పున నూట యాభై నిమిషాలు.

"ఇక్కడ ఒంటిగంటన్నర అంటే అక్కడ పదకొండు. పనంతా అయ్యి నడుం వాల్చే వేళ."

కార్తీక్ తల గోక్కున్నాడు. కోనసీమలో ఆ మాట విడమరిచి చెప్పక్కర్లేదు. వీధికో ఇంట్లో ఎవరో ఒక ఆడకూతురు గల్ఫ్‌లో ఇంటిపని చేస్తూనే ఉంటుంది. ఇల్లు కట్టిన అప్పు, పెళ్లి అప్పు, మొగుడు చేసిన అప్పు అక్కడ తీరుతుంటే, పిల్లలు ఇక్కడ అమ్మమ్మల దగ్గర పెరుగుతుంటారు. కానీ పనిమనిషిగా వెళ్లినామెకి ఐదో తరగతి భాగహారంతో ఏం పని? అదే ఆవిడకి అంతుపట్టలేదు.

భాగహారం పాఠానికి ఇంకో గీత ఉంది, ఏ నిమిషం దాకా ఎంతమంది నిలిచారో చెప్పేది. మామూలుగా అది జారుతూ పోతుంది. ఈ పాఠంలో నాలుగో నిమిషం దగ్గర మళ్లీ ఎత్తుగా లేచింది.

"అంటే అక్కడ వెనక్కి తిప్పి మళ్లీ చూస్తున్నారన్నమాట," అన్నాడు కార్తీక్.

ఆరువందల పద్దెనిమిదిని ఆరుతో భాగించే చోటది. ఆరులో ఆరు ఒకసారి. ఒకటి దించితే అందులో ఆరు పోదు. అక్కడ సున్నా పెట్టాలి. పెట్టకపోతే నూట మూడు రావాల్సింది పదమూడు వస్తుంది. సర్వీసంతా ఆ సున్నా దగ్గర తప్పే పిల్లల్ని చూసింది. సున్నా కష్టం కాబట్టే తిప్పి చూస్తున్నారని, దానికొక్కదానికే వేరే పాఠం చేయాలని అనుకుంది.

సెలవులైపోయి కార్తీక్ వెళ్లిపోయాడు. ఒక సాయంత్రం వెనక వీధి దుర్గ, పలక నిండా లెక్కలతో వచ్చింది. ఐదో తరగతి. ఎనిమిదివందల ఇరవై నాలుగుని ఎనిమిదితో భాగించి, మధ్యలో చక్కగా సున్నా పెట్టి, నూట మూడు రాసింది.

"సున్నా ఎందుకు పెట్టావే?"

"పోని అంకెకి కూడా పీట వెయ్యాలండి."

అది ఆవిడ మాటే. వీడియోలో అన్నది.

"నా వీడియో చూశావా?"

"లేదండి. మా ఇంట్లో చిన్న ఫోనండి. మా అమ్మ చెప్పిందండి."

"మంగా? కువైట్ నుంచా?"

"ఆయ్. పొద్దున్నే చేసుద్దండి. నేను బడికెళ్లేలోపు ఒక లెక్క చెప్పుద్దండి."

మంగ ఆవిడకి గుర్తే. అయిదో తరగతిలో ఉండగా తమ్ముణ్ని చంకనేసుకుని వచ్చి వెనక బల్ల మీద కూర్చునేది. ఆరుకి వెళ్లలేదు. ఆ పిల్ల ఇప్పుడు పగలంతా ఎవరింట్లోనో చాకిరీ చేసి, రాత్రి తను నేర్చుకుని, తెల్లారి కూతురికి చెబుతోంది. సత్యవతి టీచరు లోపలికెళ్లి ముఖం కడుక్కుని వచ్చింది. పలక మీద ఇంకో లెక్క ఇచ్చింది.

శుక్రవారం మంగే ఫోను చేసింది.

"నమస్కారమండి టీచర్ గారండి. మా దుర్గ ఏవన్నా అల్లరి చేసిందాండి?"

"లేదమ్మా. నువ్వు భాగహారం బాగా చెబుతున్నావు. ఆ సున్నా దగ్గర నీకూ కష్టమైందా? నాలుగో నిమిషంలో అందరూ వెనక్కి తిప్పుతున్నారు."

అవతల కాసేపు చప్పుడు లేదు.

"కోప్పడకండి టీచర్ గారండి. సున్నా కష్టం కాదండి. మీరు సున్నా పెట్టేటప్పుడు మీ మోచెయ్యి అడ్డొస్తదండి. చెయ్యి తీసేలోపు బోర్డు తుడిచేస్తారండి. ఆ కాస్తలో ఆపి చూసుకోవాలండి."

"నేను నోటితో కూడా చెప్పాను కదమ్మా?"

"సౌండు పెట్టనండి. మేడం గారి చిన్నబాబు నా గదిలోనే పడుకుంటాడండి. చెవిలో పెట్టుకుందామంటే, ఆడు లేచి ఏడిస్తే నాకు ఇనపడదండి. బోర్డు చూసి చదువుకుంటానండి. ఆ పీట మాటొకటి, ఓ శుక్రవారం బయటికెళ్లినప్పుడు విన్నానండి. ఈ బిల్డింగులో ఉన్న రాజోలు ఆమే, రాయచోటి వాళ్లిద్దరూ కూడా అంతేనండి. నేనే పంపించానండి వాళ్లకి."

సత్యవతి టీచరు గొంతు మంచిదని ఊరంతా అంటారు. వెనక బల్ల దాకా వినపడే గొంతు. ఆ గొంతు లేకుండానే పాఠం నడుస్తోందని ఇప్పుడు తెలిసింది. ఆవిడకి చిన్నతనం అనిపించలేదు. ఏం చెయ్యాలో ఒక్కసారిగా తేటపడింది.

మర్నాడు పొద్దున్నే ఫోను స్టాండుని ఎడమ పక్కకి జరిపింది. నోటితో చెప్పే ప్రతి మాటా గోడ మీద రాసింది. "ఒకటిలో ఆరు పోదు. సున్నా పెట్టు. ఎనిమిది దించు." ప్రతి మెట్టు రాశాక పక్కకి తప్పుకుని, పది అంకెలు లెక్కపెట్టుకుని, అప్పుడు తుడిచింది. అరిగిన సుద్దముక్కలు పడేసి దుర్గ చేత కొత్త డబ్బా తెప్పించింది. చివర సరిచూడడం కూడా చేర్చింది: నూట మూడు ఆర్లు ఆరువందల పద్దెనిమిది, పదమూడు ఆర్లు డెబ్బై ఎనిమిదే.

వారం పోయాక కార్తీక్ ఫోను చేశాడు. "మామ్మా, కొత్త పాఠంలో నాలుగో నిమిషం గీత సాఫీగా ఉంది. కానీ ఏడో నిమిషం దగ్గర లేచింది."

"అక్కడ ఏం రాశాను?"

"సరిచూడడం. కుడివైపు మూల కొబ్బరాకు నీడ పడింది. అంకెలు కనపడట్లేదు."

"ఎండ ఎన్నింటికి అటు తిరుగుతుందో చూసి ముందే తీస్తాను. భిన్నాలు కూడా శుక్రవారంలోపు కావాలి. సోమవారం దుర్గకి పరీక్ష. మంగకి రెండు రాత్రులన్నా పడుతుంది."

ఫోను పెట్టేసి, అర చిప్ప, పావు చిప్ప గోడ మీద పెద్దగా గీయడం మొదలుపెట్టింది.