విషయం: పూర్తికాని ఉమ్మడి వసతుల గురించి – ఆగస్టు 1 హ్యాండోవర్

ప్రాజెక్ట్ మేనేజర్ గారికి,

నమస్కారం. ఆగస్టు 1న మెయింటెనెన్స్ అప్పగిస్తామని మీరు రాశారు. జూలై 6న మీ సైట్ ఇంజనీర్‌తో కలిసి రెండు బ్లాకులూ తిరిగి చూశాం. కింది పనులు పూర్తయ్యేదాకా సంతకం చేయలేం.

అన్నిటికంటే ముందు ఫైర్ లైన్. జాకీ పంపు నాలుగైదు నిమిషాలకోసారి దానంతటదే ఆన్ అవుతోంది. అంటే లైన్‌లో ఎక్కడో లీకేజీ ఉంది, లేదా నాన్ రిటర్న్ వాల్వ్ నీళ్లు ఆపడం లేదు. ప్రెషర్ పడిపోయినా మెయిన్ పంపు ఆటోలో స్టార్ట్ కాలేదు, చేత్తో నొక్కాల్సి వచ్చింది. డీజిల్ పంపు బ్యాటరీ డెడ్. బి బ్లాక్ టెర్రస్ హైడ్రెంట్ దగ్గర 3.5 కేజీల ప్రెషర్ రావాల్సి ఉండగా గేజీ 1.8 చూపించింది. ఆరు హోస్ బాక్సుల్లో నాజిల్స్ లేవు. ఎన్‌ఓసీ ఉందని మీవాళ్లు అంటున్నారు, కానీ మంటలార్పేది కాగితం కాదు కదా.

సెల్లార్‌లో ఎ, బి బ్లాకుల మధ్య ఎక్స్‌పాన్షన్ జాయింట్ నుంచి నీళ్లు కార్ల మీద పడుతున్నాయి. ఇప్పటికి రెండుసార్లు కింద నుంచి గ్రౌటింగ్ చేసి పెయింట్ వేశారు. నీళ్లొచ్చేది పైనున్న పోడియం నుంచి. కింద మూస్తే అవి పక్కకు జరిగి ఇంకోచోట కారతాయి, ఇప్పుడు జరిగింది అదే. పైన టైల్స్ తీసి, పాత సీలెంట్ పూర్తిగా తొలగించి, బ్యాకర్ రాడ్ పెట్టి పాలీసల్ఫైడ్ సీలెంట్ నింపి, మీద మెంబ్రేన్ వేయండి. ఆ తర్వాత 48 గంటలు నీళ్లు నిలబెట్టి మాకు చూపించాకే టైల్స్ వేయాలి. పని మొదలుపెట్టేముందు కాస్త తెరిపి చూసుకోండి.

ఎస్‌టీపీలో రెండు బ్లోయర్లకు ఒకటే బిగించారు. దాన్నీ రాత్రిపూట ఆపేస్తున్నారు. గాలి అందక ఏరేషన్ ట్యాంక్‌లో నీళ్లు నల్లబడి కంపు కొడుతున్నాయి. స్టాండ్‌బై బ్లోయర్ పెట్టి, ఫ్లష్ లైన్‌ను శుద్ధిచేసిన నీటికి కలపండి. 120 ఫ్లాట్లకూ ఫ్లష్‌లో ఇప్పుడు బోరు నీళ్లే పోతున్నాయి.

కరెంటు పోతే జనరేటర్ ఆటోలో స్టార్ట్ కావడం లేదు, బి బ్లాక్ లిఫ్ట్ దానికి అసలు కనెక్టే కాలేదు. క్లబ్‌హౌస్ రంగులూ, పార్కులో రెండు బెంచీలూ తర్వాతైనా ఫరవాలేదు.

పనులతో పాటు ఆక్యుపెన్సీ సర్టిఫికెట్, ఫైర్ ఎన్‌ఓసీ, యాజ్ బిల్ట్ డ్రాయింగులు (ప్లంబింగ్, ఎలక్ట్రికల్ కూడా), పంపులు, లిఫ్టులు, జనరేటర్ వారంటీ కార్డులు, కార్పస్ ఫండ్ లెక్కలు ఇవ్వాలి.

రెరా చట్టం సెక్షన్ 14(3) ప్రకారం పొజెషన్ ఇచ్చిన ఐదేళ్లలోపు మీ దృష్టికి తెచ్చిన నిర్మాణ, పనితనం లోపాలను 30 రోజుల్లో మీ ఖర్చుతోనే సరిచేయాలి. ఈ లేఖను ఆ నోటీసుగానే తీసుకోండి.

సోమవారం ఉదయం 10 గంటలకు పంప్ రూమ్ దగ్గరికి మీ ఫైర్ కాంట్రాక్టర్‌నూ, ఎస్‌టీపీ ఆపరేటర్‌నూ పంపండి. ఏ పని ఏ తేదీకి పూర్తవుతుందో అక్కడే రాసుకుందాం.

ఇట్లు,
కార్యదర్శి, నివాసుల సంక్షేమ సంఘం
మియాపూర్, హైదరాబాద్