చలాను నం. 418: తక్కువ వచ్చిన, పగిలిన సరుకు గురించి

అయ్యా,

నిన్న సాయంత్రం మీ లారీలో వచ్చిన సరుకును డ్రైవరు ఎదుటే చలానుతో సరిచూశాం. గాజు గ్లాసులు 24 పెట్టెలని రాసి ఉంది, దిగినవి 22. వాటిలో ఒక పెట్టె అడుగు తడిసి మెత్తబడింది. లోపల 17 గ్లాసులు పగిలాయి, మరో ఐదింటికి అంచులు ఊడాయి. గ్లాసుల మధ్య అట్టముక్కలే పెట్టలేదు, ఇక పగలకుండా ఎలా ఉంటాయి? పింగాణీ ప్లేట్లు మాత్రం లెక్కకు సరిపోయాయి.

తేడాలన్నీ చలాను మీదే రాసి డ్రైవరు సంతకం తీసుకున్నాం. నకలు, ఫోటోలు జతచేశాను. పగిలినవి పారేయలేదు, మీ మనిషి వచ్చి చూసుకోవచ్చు. తక్కువైన రెండు పెట్టెలు శుక్రవారంలోగా పంపండి. పాడైన 22 గ్లాసులకు క్రెడిట్ నోట్ ఇవ్వండి. అది అందాకే బిల్లు చెల్లిస్తాను.

ఇట్లు,
షాపు యజమాని