ఆలస్యాన్ని తట్టుకునే కోపం

‘తన కోపమె తన శత్రువు’ అనే సుమతీ శతక పద్యాన్ని మన దగ్గర ఎవరు ఎవరికి చెబుతుంటారో గమనించండి. షావుకారుకు గుమస్తా చెప్పడు. అత్తగారికి కోడలు చెప్పదు. రెండు నెలల జీతం బాకీ పడ్డ గుమస్తా గొంతు పెంచితేనే ఆ పద్యం గుర్తొస్తుంది, అదీ షావుకారుకు. పద్యంలో తప్పు లేదు. అన్యాయం చేసినవాడి నోట అది ఎదుటివాడి నోరు మూయించడానికి పనికొస్తోంది, అంతే. అందుకే ‘కోపం మంచిది కాదు’ అని ఒక్క మాటతో తేల్చేయడం నాకు సమ్మతం కాదు.

మహాభారతంలో ఈ వాదం ఎప్పుడో జరిగింది. అరణ్యపర్వంలో ద్రౌపది ధర్మరాజును నిలదీస్తుంది: ఇంత జరిగినా నీకు కోపం రాదేం? ప్రహ్లాదుడు బలికి చెప్పిన మాటలు ఎత్తి చూపుతుంది. ఎప్పుడూ క్షమించేవాణ్ని పనివాళ్లు కూడా లెక్కచేయరు, ఎప్పుడూ మండిపడేవాడికి సొంతవాళ్లే శత్రువులవుతారు. కాబట్టి దేనికీ ఎల్లకాలం అంటిపెట్టుకోకూడదని. కోపంలో ఉన్నవాడికి ఏ మాట అనాలో, ఏ పని చేయకూడదో తెలియదని ధర్మరాజు జవాబిస్తాడు. ఇద్దరూ చెప్పింది నిజమే. గ్రీకు తత్వవేత్త అరిస్టాటిల్ దీనికే కొలతలు పెట్టాడు: తగిన విషయం మీద, తగిన మనిషి మీద, తగినంత, తగిన సమయంలో, తగినంత కాలం కోపగించుకునేవాడు మెచ్చదగినవాడు, కోపం రావలసిన చోట కూడా రానివాడు తెలివితక్కువవాడు.

కొలతలు బాగానే ఉన్నాయి. చిక్కేమిటంటే, కోపంలో ఉన్న మనిషికి తన కోపం ఎప్పుడూ సరైన కొలతలోనే కనిపిస్తుంది. ‘నాది అన్యాయమైన కోపం’ అనుకుంటూ ఎవరూ కర్ర పట్టుకోరు.

1985 జులైలో చీరాల దగ్గర కారంచేడులో ఏం జరిగిందో చూడండి. దళితులు తాగే నీళ్ల చెరువును పాడుచేస్తుంటే ఒక దళిత మహిళ అడ్డుకుంది. మర్నాడు ఊళ్లో పెద్ద కులంవాళ్లు గుంపుగా వచ్చి దళితవాడ మీద పడ్డారు, మనుషుల్ని చంపారు. ఇక్కడ కోపాలు రెండు. మంచినీళ్లు మురికి చేయొద్దన్న కోపం ఒకటి, ‘మమ్మల్ని ఎదిరిస్తుందా’ అన్న కోపం ఒకటి. రెండో కోపం కూడా లోపల తనను తాను పరువు అనీ, మర్యాద అనీ, న్యాయమనీ పిలుచుకునే ఉంటుంది. ఎంత వేడిగా ఉంది, ఎంత నిజాయితీగా ఉంది అని చూస్తే ఈ రెండింటినీ విడదీయలేం. ఆమె కోపం ఒక పనిని ఆపమంది. వాళ్ల కోపం ఒక వాడనే లేకుండా చేయాలంది. తేడా అక్కడుంది.

రోమన్ తత్వవేత్త సెనెకా కోపాన్ని ఏ రూపంలోనూ ఒప్పుకోడు. కళ్లముందు తండ్రిని చంపుతుంటే మంచివాడికి కోపం రాదా అని తనే ప్రశ్న వేసుకుని, కోపం లేకుండానే, కర్తవ్యంగా రక్షిస్తాడని జవాబిస్తాడు. ఈ జవాబును నేను ఒప్పుకోలేను. తప్పును తప్పుగా మొదట పట్టేది చాలాసార్లు కోపమే. ఆలోచన తర్వాత వస్తుంది. అయితే అదే సెనెకా చెప్పిన ఇంకో మాటను వదులుకోలేను: కోపానికి అన్నిటికన్నా పెద్ద మందు ఆలస్యం. ఆయన దాన్ని మందుగా చెప్పాడు. నేను పరీక్షగా తీసుకుంటాను. కొంత ఆలస్యం పెట్టి చూసినా ఆ కోపం నిలిచి ఉండాలి, గురి కూడా మారకుండా ఉండాలి. అప్పుడే దాన్ని నమ్మవచ్చు.

గుంటూరు మిర్చి యార్డులో జరగదగ్గ ఒక ఉదయాన్నే తీసుకోండి. పల్నాడు నుంచి రైతు 60 టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు తెచ్చాడు. ఇంటి దగ్గర తూచినప్పటికన్నా కాటా మీద టిక్కీకి కిలో తక్కువ చూపిస్తోంది. అంటే 60 కిలోలు. కిలో 150 రూపాయలనుకున్నా 9,000. రైతుకు కోపం రావాలి. రాకపోతే పై ఏడాది రెండు కిలోలు పోతాయి. కానీ ఆ క్షణంలో చేతికి దొరికేది ఎవరు? టిక్కీ మోస్తున్న హమాలీ. చొక్కా పట్టుకుంటే పంచాయితీ తూకం మీద కాకుండా కొట్టాట మీదికి మళ్లుతుంది. కాటా సంగతి అందరూ మర్చిపోతారు. అదే రైతు పది నిమిషాలు ఆగితే చేయగలిగింది చాలా ఉంది. మిగతా టిక్కీలు కదలనివ్వకుండా ఆపవచ్చు, రెండు మూడింటిని వేరే కాటా మీద పెట్టించవచ్చు, పక్క రైతును సాక్షిగా నిలబెట్టవచ్చు, రెండు అంకెలూ కాగితం మీద రాసుకుని, అమ్మకం లెక్క రాసే తక్‌పట్టీ చేతికొచ్చాక సరిచూసుకుని, మార్కెట్ కమిటీ కార్యాలయంలో రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వవచ్చు. రెండో కాటా కూడా అదే బరువు చూపిస్తే తేడా ఇంటి దగ్గర కాటాలోనో, దారిలో కాయ ఆరడంలోనో ఉందేమో చూసుకోవాలి. అప్పుడు కోపం తగ్గించుకోవడానికి సిగ్గుపడక్కర్లేదు. తేడా నిజమని తేలితే మాత్రం తగ్గనక్కర్లేదు. ఆ పది నిమిషాల్లో కోపం చల్లారదు, ఎక్కడికి వెళ్లాలో తెలుసుకుంటుంది.

గురి తప్పితే ఏమవుతుందో బెజవాడకు తెలుసు. 1988 డిసెంబర్ 26న వంగవీటి మోహనరంగా హత్య జరిగింది. హత్య మీద దుఃఖం, కోపం సహజం. తర్వాతి రోజుల్లో ఆ హత్యతో ఏ సంబంధమూ లేనివాళ్ల దుకాణాలు కాలిపోయాయి, ఊరు కర్ఫ్యూలో ఉండిపోయింది. ‘వాడు చేశాడు’ అన్నది ‘వాళ్లు చేశారు’ అయిపోవడానికి గంటలు కూడా పట్టదు. గుంపులో అసలు పట్టదు, ఎందుకంటే ఆగమన్నవాడు ద్రోహిగా కనిపిస్తాడు. 2018లో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలని వాట్సాప్‌లో పుకార్లు తిరిగి, దేశంలో చాలాచోట్ల అమాయకుల్ని కొట్టి చంపారు. పిల్లల్ని కాపాడాలన్న కోపం కన్నా పవిత్రమైంది ఏముంటుంది? ఆ పవిత్రతే ఎవర్నీ ఆగనివ్వలేదు.

సుందరకాండలో లంక తగలబెట్టాక హనుమంతుడికి ఒక్కసారిగా భయం పుడుతుంది: ఈ మంటల్లో సీతమ్మ కూడా కాలిపోయిందేమో! లేచిన కోపాన్ని బుద్ధితో ఆపుకోగలవాళ్లే ధన్యులని తనను తాను నిందించుకుంటాడు. రావణుడి మీద కోపం న్యాయమైందే. అయినా ఎవరి కోసం అంత దూరం వచ్చాడో ఆమెనే మర్చిపోయాడు. మన కోపాలకు కూడా ఈ ప్రశ్న వేయాలి: ఎవరి తరఫున వచ్చిందో వాళ్లు ఇంకా గుర్తున్నారా, లేక ఎదుటివాణ్ని పడగొట్టడంలో ఉన్న రుచే మిగిలిందా?

చల్లగా, గురిగా పనిచేసిన కోపం కూడా మన దగ్గరే ఉంది. చీరాల–పేరాలను మున్సిపాలిటీ చేసి పన్నుల భారం వేస్తే, 1921లో దుగ్గిరాల గోపాలకృష్ణయ్య నాయకత్వంలో జనం ఊరే ఖాళీ చేసి పొలిమేర అవతల రామనగర్ కట్టుకున్నారు. నెలల తరబడి పాకల్లో ఉన్నారు. చివరికి తిరిగి రావలసి వచ్చింది, అంటే ఓడిపోయారు. గెలవని కోపాన్ని వృథా అనేవాళ్లతో నేను ఏకీభవించను. తమకు జరిగింది తప్పని, ఎవరి ఒంటి మీదా చెయ్యి వేయకుండా, తమ సుఖాన్ని వదులుకుని చెప్పారు.

ఆలస్యాన్ని పరీక్ష అన్నాను గనక ఒకటి చెప్పాలి. ఆ ఆలస్యం కోపగించుకున్న మనిషి తనకు తాను పెట్టుకునేది కావాలి, పైవాళ్లు రుద్దేది కాదు. 1991 ఆగస్టు 6న అప్పటి గుంటూరు జిల్లా చుండూరులో 8 మంది దళితులను చంపారు. బాధితుల పోరాటంతో అదే ఊళ్లో ప్రత్యేక కోర్టు ఏర్పడింది. 2007లో శిక్షలు పడ్డాయి, 2014లో హైకోర్టు ముద్దాయిలను నిర్దోషులుగా విడిచిపెట్టింది. ఇన్నేళ్లయినా ఇంకా కోపమేమిటి అని ఆ కుటుంబాలను అడిగేవాళ్లు ఉంటారు. ఆ కుటుంబాలు మొదటి రోజు అడిగిందే అన్నేళ్లూ అడిగాయి: చంపినవాళ్లకు కోర్టులో శిక్ష.