ఒకే బొమ్మలో రెండు నియమాలు: 17వ ప్రశ్న గురించి

ఎనిమిదో తరగతి పిల్లలకు,

శనివారం పెట్టిన ఎన్‌ఎంఎంఎస్ నమూనా పరీక్షలో 17వ ప్రశ్న మీలో చాలామంది తప్పు చేశారు. లెక్క రాక కాదు, తొందరగా తృప్తిపడి.

ఆ బొమ్మలు మళ్లీ చూడండి. వరసగా నాలుగు బొమ్మలిచ్చి, అయిదోది ఏదని అడిగారు. చదరం మధ్యలో బాణం, ఒక మూలన నల్ల చుక్క. బాణం పైకి, తర్వాత కుడి పైమూలకి, తర్వాత కుడికి, తర్వాత కుడి కిందిమూలకి. అంటే ప్రతిసారీ సవ్యదిశలో 45 డిగ్రీలు. అయిదో బొమ్మలో కిందికి చూడాలి. ఇంతవరకు అందరూ పట్టుకున్నారు. కానీ బాణం కిందికి ఉన్న జవాబులు మూడున్నాయి కదా! అక్కడే అనుమానం రావాలి. ఒక నియమం వాడాక ఒకటి కంటే ఎక్కువ జవాబులు మిగిలితే, రెండోది ఇంకెక్కడో దాక్కుందన్నమాట. చుక్కను చూడండి: ఎడమ పైన, ఎడమ కింద, కుడి కింద, కుడి పైన. బాణానికి ఎదురు, అపసవ్యదిశలో ఒక్కో మూల. కాబట్టి మళ్లీ ఎడమ పైకి. జవాబు 1. నాలుగో బొమ్మలో ఉన్నచోటే చుక్కను ఉంచేసి ఎక్కువమంది 2 పెట్టారు.

ఇంకో గుర్తు 22వ ప్రశ్నలో ఉంది. నల్ల త్రిభుజం, తెల్ల చదరం, నల్ల వృత్తం, తెల్ల త్రిభుజం, నల్ల చదరం. నాలుగో బొమ్మలో త్రిభుజం తిరిగొచ్చింది, కానీ రంగు మారి వచ్చింది. పాత ఆకారం కొత్త వేషంలో వచ్చిందంటే ఆకారానిదొక వరస, రంగుదొక వరస. ఆకారాలు మూడేసి, రంగులు రెండేసి తిరుగుతున్నాయి. అందుకే మొదటి బొమ్మ ఉన్నదున్నట్టు మళ్లీ రావాలంటే ఏడోదాకా ఆగాలి. ఆరోది తెల్ల వృత్తం.

అలాగని ప్రతి బొమ్మలోనూ రెండు నియమాలు వెతుక్కోకండి. చుక్క బాణం మొనకే అతుక్కుని తిరుగుతుంటే అవి రెండు కాదు, ఒకటే. రెంటి మధ్య దూరం, అవి ఉన్న తీరు ప్రతి బొమ్మలోనూ ఒకేలా ఉన్నాయో లేదో చూస్తే తెలిసిపోతుంది. ఒక్క నియమంతో ఒక్క జవాబే మిగిలితే పెట్టేసి ముందుకు వెళ్లండి. మ్యాట్‌లో 90 ప్రశ్నలకు 90 నిమిషాలే.

చిక్కు వచ్చినప్పుడు నేను చేసేది ఇది: ఒక వస్తువును వేలితో మూసేసి మిగతాదాన్ని మాత్రమే చూస్తాను. వెనక బెంచీలో ఒకమ్మాయి రబ్బరు ముక్కతో ఇదే చేస్తూ కనిపించింది, నాకు భలే ముచ్చటేసింది.

సోమవారం 17, 22, 31 నోటుబుక్కులో చేసుకు రండి. జవాబు ఒక్కటే రాస్తే ఒప్పుకోను. బాణానికొక వరస, చుక్కకొక వరస విడివిడిగా రాయాలి. 31లో మూడు వస్తువులున్నాయి, వాటిలో ఒకటి అసలు కదలదు. ఏదో మీరే కనిపెట్టండి.

మీ లెక్కల టీచర్