ట్రైజెమినల్ నాడి: పళ్ళకు, ముఖానికి వెళ్ళే శాఖలు

ఇది 5వ కపాల నాడి. ముఖానికి స్పర్శ, నొప్పి తెలిసేది ప్రధానంగా దీనివల్లే. ముఖ కవళికల కండరాలను కదిలించేది మాత్రం 7వ నాడి. ఈ రెండింటినీ కలిపేయకండి.

మొదటి శాఖ ఆఫ్తాల్మిక్. నుదురు, పై కనురెప్ప, ముక్కు దూలం దీనివి. పళ్ళతో పనిలేదు.

రెండోది మాక్సిలరీ, ఫోరామెన్ రొటండం అనే పుర్రె రంధ్రం గుండా బయటికి వస్తుంది. కింది కనురెప్ప, చెంప పైభాగం, పై పెదవి, పై పళ్ళు దీని పరిధి. వెనుక సుపీరియర్ ఆల్వియోలార్ శాఖ మోలార్లకు, అంటే వెనుక ఉండే నమిలే పళ్ళకు, మధ్యది వాటి ముందుండే ప్రీమోలార్లకు, ముందుది కోరపన్నుకు, కొరికే పళ్ళకు. మొదటి మోలార్ ముందు బుగ్గవైపు వేరుకు తరచూ మధ్య శాఖే అందుతుంది. చాలామందిలో ఆ శాఖే ఉండదు. అంగిలివైపు చిగురుకు గ్రేటర్ పాలటైన్, నాసోపాలటైన్ నాడులు వేరు.

మూడోది మాండిబ్యులర్, ఫోరామెన్ ఓవేల్ గుండా వస్తుంది. నమిలే కండరాలను నడిపేది ఇదొక్కటే. దీని ఇన్ఫీరియర్ ఆల్వియోలార్ శాఖ కింది పళ్ళన్నిటికీ వెళ్ళి, ప్రీమోలార్ల దగ్గర మెంటల్ నాడిగా గడ్డానికి, కింది పెదవికి చేరుతుంది. నాలుకవైపు చిగురు లింగ్వల్ నాడిది, మోలార్ల బుగ్గవైపు చిగురు బక్కల్ నాడిది. అందుకే కింది మోలార్ తీసేటప్పుడు ఈ మూడూ మొద్దుబారాలి.