మార్కెటింగ్ అసైన్‌మెంట్: దిల్‌సుఖ్‌నగర్ గల్లీలో ఒక చిన్న బేకరీకి మార్కెటింగ్ ప్లాన్

నేను తీసుకున్న బేకరీ దిల్‌సుఖ్‌నగర్ మెయిన్ రోడ్డు మీద కాదు, లోపల కాలనీ గల్లీలో ఉంది. ఒకే షట్టర్, వెనకాల ఒక ఓవెన్, ఇద్దరు మాస్టర్లు, కౌంటర్ మీద ఓనర్ అంకుల్, ఆంటీ. బ్రెడ్, బన్, రస్కులు, ఉస్మానియా బిస్కెట్లు, ఎగ్ పఫ్, వెజ్ పఫ్, ఆర్డర్ ఇస్తే కేకులు.

సెగ్మెంటేషన్

వయసు, ఆదాయం చూసి కస్టమర్లని విడగొడితే ఇక్కడ ఏమీ తేలదు, ఎందుకంటే కోచింగ్ కుర్రాడూ రిటైర్డ్ అంకులూ ఇద్దరూ అదే పఫ్ కొంటారు. అందుకే ఎవరు, ఎప్పుడు, దేనికోసం వస్తున్నారో చూసి విడగొట్టాను. ఒకటి హాస్టల్ స్టూడెంట్స్, సాయంత్రం నాలుగు నుంచి ఏడు దాకా గుంపుగా వస్తారు గానీ ఒక్కొక్కరు పెట్టేది పాతిక ముప్పై రూపాయలే. రెండోది చుట్టుపక్కల అపార్ట్‌మెంట్ ఫ్యామిలీలు, రోజూ బ్రెడ్, పుట్టినరోజుకి కేకు. మూడోది రస్కులు, బన్నులు హోల్‌సేల్‌గా తీసుకునే టీ కొట్లు.

ఇంకో విషయం, ఈ ప్లాన్ మొత్తం దీని మీదే నిలబడింది. మన ఇళ్లల్లో చాలామంది మంగళవారమో గురువారమో శనివారమో గుడ్డు ముట్టరు, సాయిబాబా గుడి దగ్గర్లోనే ఉంది కాబట్టి ఇక్కడ గురువారం పట్టింపు ఇంకా ఎక్కువ. శ్రావణం, కార్తీకం, అయ్యప్ప దీక్షలు వేరే. ఆ రోజుల్లో ఎగ్ పఫ్‌లు ట్రేలో మిగిలిపోతాయి, వెజ్ పఫ్‌లు ఐదింటికే అయిపోతాయి, ఎగ్‌లెస్ కేకు అడిగినవాళ్లు లేదంటే వేరే బేకరీకి వెళ్లిపోతారు.

టార్గెటింగ్

స్టూడెంట్స్ కళ్లకి ఎక్కువగా కనిపిస్తారు కానీ కోర్సు అయిపోగానే ఊరెళ్లిపోతారు. ఫ్యామిలీ అలా కాదు, ఒకసారి నమ్మితే పిల్లాడి ప్రతి బర్త్‌డేకీ ఇక్కడికే వస్తుంది. కాబట్టి నా మెయిన్ టార్గెట్ కిలోమీటరు లోపల ఉన్న ఫ్యామిలీలు, అందులోనూ గుడ్డు పట్టింపు ఉన్న ఇళ్లు. స్టూడెంట్స్‌ని వదిలెయ్యమని కాదు, వాళ్ల కోసం విడిగా డబ్బు ఖర్చు పెట్టక్కర్లేదు, వేడి పఫ్ వాసనే వాళ్లని లాక్కొస్తుంది.

పొజిషనింగ్

చౌక అనే మాటతో మనం గెలవలేం. 2025 సెప్టెంబర్ 22 నుంచి కేకులు, బిస్కెట్ల మీద జీఎస్టీ 18 శాతం నుంచి 5 శాతానికి దిగింది, సూపర్‌మార్కెట్‌లో ప్యాకెట్ కేకుతో రేటులో పోటీ పడటం మనవల్ల కాదు. పేరు విషయానికొస్తే 1953 నుంచి ఉన్న కరాచీ బేకరీ ఇదే సిటీలో ఉంది. మనకి మిగిలింది నమ్మకం, వేడి. బోర్డు మీద ఒకటే మాట రాయాలి: "ఎగ్‌లెస్ అంటే నిజంగా ఎగ్‌లెస్, మీ కళ్ల ముందే ఓవెన్‌లోంచి".

నాలుగు పీలు

మార్కెటింగ్ ప్రొఫెసర్ మెకార్తీ 1960లో చెప్పిన ప్రోడక్ట్, ప్రైస్, ప్లేస్, ప్రమోషన్ అనే ఈ నాలుగింటిలో ఈ బేకరీకి అన్నిటికంటే ముఖ్యం ప్రోడక్ట్. ఎగ్‌లెస్‌కి వేరే గిన్నెలు, వేరే బ్రష్, వేరే ట్రేలు, షోకేస్‌లో పచ్చ చుక్క పెట్టి వేరే అర. పఫ్ మీద గుడ్డు సొన రాసిన బ్రష్‌నే వెజ్ పఫ్‌కి కూడా వాడితే పైన చెప్పిన పొజిషనింగ్ అంతా అబద్ధం అయిపోతుంది, ఈ ఒక్క విషయంలో మాస్టర్లతో గట్టిగా ఉండాలి. గురువారం, శనివారం ఎగ్ పఫ్ సగానికి తగ్గించి వెజ్ పెంచాలి. మిగిలిన బ్రెడ్ మర్నాడు రస్కు చేస్తే వేస్ట్ తగ్గుతుంది.

ప్రైస్: వెజ్ పఫ్ 20, ఎగ్ పఫ్ 25, అరకిలో కేకు 300, ఎగ్‌లెస్ అయితే 340. గుడ్డుకి బదులు వేసే కండెన్స్‌డ్ మిల్క్ ఖర్చు ఎక్కువ కాబట్టి ఆ నలభై ఎందుకో కౌంటర్‌లో దాచకుండా చెప్పాలి. రాత్రి సగం ధర ఆఫర్ నాకు ఇష్టం లేదు, అలవాటైతే సాయంత్రం కొనేవాళ్లు కూడా తొమ్మిదింటి దాకా ఆగుతారు.

ప్లేస్: షాపే. ఎగ్ పఫ్ తయారీకి 15 అయ్యి, డెలివరీ యాప్ కమీషన్ పావు వంతు పోయిందనుకుంటే మిగిలేది నాలుగు రూపాయల లోపే, ప్యాకింగ్‌తో అదీ పోతుంది. అందుకే యాప్‌లో కేకులు మాత్రమే పెట్టాలి, చుట్టుపక్కల అపార్ట్‌మెంట్లకి బండి మీద పంపితే చాలు.

ప్రమోషన్: నెలకి 4,000 బడ్జెట్. పేపర్‌లో పాంప్లెట్లకి 1,500, వాచ్‌మన్ల ద్వారా ప్రతి ఫ్లాట్‌కీ రుచి చూడ్డానికి ఎగ్‌లెస్ కప్ కేకులకి 2,000, మిగతాది బోర్డుకి. వాట్సాప్ స్టేటస్‌కి డబ్బులేం కావు, ఓవెన్ తీసే టైమ్‌కి ఒక ఫోటో పెడితే చాలు. కేకు ఆర్డర్ పుస్తకంలో పిల్లల పుట్టినరోజు తేదీ రాసుకుని మళ్లీ ఏడాది వారం ముందు ఆంటీయే ఫోన్ చెయ్యాలి. డిసెంబర్ 31 కేకులకి 20వ తారీఖు నుంచే అడ్వాన్స్ తీసుకోవాలి.

మూడు నెలల తర్వాత రెండు లెక్కలు చూస్తాను: పుస్తకంలో ఎగ్‌లెస్ ఆర్డర్లు నెలకి 15 నుంచి 40కి చేరాయా, గురువారం రాత్రి ట్రేలో ఎన్ని ఎగ్ పఫ్‌లు మిగిలాయి. ఆర్డర్లు 25 కూడా దాటకపోతే పాంప్లెట్లు ఆపేసి ఆ డబ్బు కూడా కప్ కేకులకే పెట్టాలి.