ఏడు దాటాక వ్యాకరణమే

సోమవారం, మధ్యాహ్నం 1:10

మాధవి: ఆఫీసులో ఉన్నాను కాబట్టి ఇప్పుడే చెప్పేస్తున్నా. చదివాక తీసేయండి. ఇంటికెళ్లాక నా ఫోన్ హాల్లో, టీవీ పక్కన చార్జింగ్‌లో ఉంటుంది. స్క్రీన్ వెలిగితే దగ్గర ఎవరుంటే వాళ్లు చూస్తారు. నాన్నగారైతే చూసి ఊరుకోరు, పైకి చదువుతారు. వార్తలు చదివినట్టు.

కిరణ్: 28 ఏళ్లొచ్చి, ఉద్యోగం చేస్తున్న మనిషికి కూడానా?

మాధవి: జీతం నాది, ఫోన్ అందరిదీ.

కిరణ్: మరి నిన్న రాత్రి నేను పంపిన "పడుకున్నారా?"

మాధవి: అదే చెప్తున్నా. "ఎవరమ్మా, నువ్వు పడుకున్నావో లేదో కనుక్కుంటున్నాడు?" అన్నారు. క్లాసు నోట్సు కోసం అని బయటపడ్డాను. ఆ తర్వాత గంటసేపు టెన్షన్.

కిరణ్: సారీ. వద్దంటే ఇక పంపను.

మాధవి: వద్దనలేదు. నాన్నగారు పైకి చదివినా ఇబ్బంది లేనట్టు పంపమంటున్నా. గుండె బొమ్మలు వద్దు. కన్నుకొట్టే బొమ్మ అసలే వద్దు. వాక్యం చివర మూడు చుక్కలు కూడా పెట్టకండి, మా అమ్మ ఆ చుక్కల్లోనే మొత్తం చదివేస్తుంది.

కిరణ్: అయితే ఏడు దాటాక వ్యాకరణమే. ఎలాగూ పరీక్ష ఉంది.

మాధవి: "గారు" మర్చిపోవద్దు.

సోమవారం, రాత్రి 8:30

కిరణ్: నమస్తే మాధవి గారూ. సరళాదేశ సంధిలో చిన్న సందేహం. క, చ, ట, త, ప పరుషాలు కదా. ద్రుతం పక్కన చేరగానే అవి గ, జ, డ, ద, బ అయిపోతాయని రాసుకున్నాను. అంత గట్టి అక్షరాలు ఒక్క నకారం పక్కకి వచ్చేసరికి ఎందుకు మెత్తబడతాయి? క్లాసు మొదటి రోజు నుంచీ ఈ సూత్రం నాకు అనుభవంలో ఉంది, కారణమే తెలియడం లేదు.

మాధవి: కారణం సూత్రంలో ఉండదండీ, ఉదాహరణలో ఉంటుంది. పూచెను + కలువలు = పూచెఁ గలువలు. పూయడం ముందే అయిపోయింది, కలువలకే ఆలస్యంగా తెలిసింది.

కిరణ్: ధన్యవాదాలండీ. ఈ ఉదాహరణ నోట్సులో రెండుసార్లు రాసుకున్నాను.

మాధవి: ఒకసారి చాలు. మార్కులు అవే.

మంగళవారం, రాత్రి 8:32

కిరణ్: మాధవి గారూ, ఉపమాలంకారానికి నాలుగు ఉండాలట. ఉపమేయం, ఉపమానం, సమానధర్మం, ఉపమావాచకం. ఉపమేయం నాకు దొరికింది. ఉపమానం కోసమే రెండు రోజులుగా వెతుకుతున్నా, సరిపోయేది ఒక్కటీ కనబడటం లేదు.

మాధవి: నాలుగింటిలో ఒకటి లోపిస్తే లుప్తోపమ అంటారు. అలాగే వదిలేయండి, బాగానే ఉంది.

కిరణ్: ఉపమేయం ఏమిటని అడగరా?

మాధవి: సిలబస్‌లో లేదు.

కిరణ్: ఇవాళ క్లాసులో మీ నోట్సు అట్ట నీలం రంగులో ఉంది కదా. చాలా బాగుంది.

మాధవి: నా నోట్సు అట్ట ఎరుపండీ.

కిరణ్: అయితే నీలం ఇంకేదో అయ్యుంటుంది.

మాధవి: సందేహాలంకారం రేపటి పాఠం. ఇవాళ్టిది చదువుకోండి.

కిరణ్: ఒక్కటే ఆఖరిది. ద్వంద్వ సమాసానికి తల్లిదండ్రులు, సూర్యచంద్రులు అందరూ రాసేవే. రెండు నామాలూ సమాన ప్రాధాన్యంతో ఉంటే చాలంటున్నారు. నా దగ్గర కొత్తగా రెండు నామాలున్నాయి, పరీక్షలో రాయొచ్చా?

మాధవి: పరీక్షలో వ్యక్తుల పేర్లు రాయకూడదండీ. హాల్‌టికెట్ నంబరు మాత్రమే.

కిరణ్: ముందు సంఖ్య వస్తే ద్విగువు అయిపోతుంది కదా.

మాధవి: ఈ తెలివి పరీక్ష రోజుకి దాచుకోండి. శుభరాత్రి.

బుధవారం, రాత్రి 8:31

కిరణ్: మాధవి గారూ, ఉత్పలమాలలో యతి పదో అక్షరానికేనా?

మాధవి ఫోన్ నుంచి: అవును బాబూ. పదో అక్షరమే. చంపకమాలకు 11, శార్దూలానికి 13, మత్తేభానికి 14. నేను మాధవి నాన్నను. అమ్మాయి లోపల పనిలో ఉంది.

కిరణ్: నమస్కారమండీ. ఇబ్బంది పెట్టాను, క్షమించండి.

మాధవి ఫోన్ నుంచి: ఇబ్బందేముంది. యతి అంటే ఏమిటో తెలుసా?

కిరణ్: ఆగడమని విన్నానండీ.

మాధవి ఫోన్ నుంచి: అది సంస్కృతంలో. తెలుగులో ఆగక్కర్లేదు, అక్షరాలకు మైత్రి కుదిరితే చాలు. కుదరకపోతే మాత్రం యతిభంగం. పద్యం పాడైపోతుంది. చూసుకుని రాయాలి.

కిరణ్: తప్పకుండా చూసుకుంటానండీ.

మాధవి ఫోన్ నుంచి: మంచిది. నాలుగు పాదాల్లోనూ చూసుకోవాలి. మొదటి పాదం అందరికీ కుదురుతుంది.

గురువారం, మధ్యాహ్నం 1:05

కిరణ్: రాత్రి నిద్రపట్టలేదు. "మొదటి పాదం అందరికీ కుదురుతుంది" అంటే పద్యం గురించేనా?

మాధవి: నాకూ తెలీదు. భోజనం దగ్గర అరగంట మీ గురించే. "ఈ రోజుల్లో యతి గురించి అడిగే కుర్రాళ్లున్నారా" అని మురిసిపోయారు. నేను నవ్వాపుకోలేక మంచినీళ్ల వంకతో లేచిపోయాను.

కిరణ్: హమ్మయ్య.

మాధవి: అంత సంబరం వద్దు. అమ్మ ఒక్కటే అడిగింది. "ఆ అబ్బాయికి డౌట్లు రోజూ సరిగ్గా ఎనిమిదిన్నరకే వస్తాయా?"

కిరణ్: ఇవాళ రావు. మొత్తం అర్థమైపోయింది.

మాధవి: ఆ, ఒకరోజు మానండి. తర్వాత టైమ్ మార్చండి. ఇంకో మాట, పైన నాన్నగారివి తీసేయను. అవి ఉంటేనే మీవి నిజం డౌట్లలా కనబడతాయి. ఈ మధ్యాహ్నంవి మాత్రం తీసేయండి.

కిరణ్: తీసేస్తా. నీలం?

మాధవి: సోమవారం.

శుక్రవారం, సాయంత్రం 7:18

కిరణ్: మాధవి గారూ, ఉత్తమ పురుష బహువచనంలో 'మేము', 'మనము' రెండూ ఉన్నాయి. ఏది ఎప్పుడు వాడాలి?

మాధవి: వినేవాళ్లను కలుపుకుంటే మనము. కలుపుకోకపోతే మేము.

కిరణ్: ఒక్కో ఉదాహరణ ఇస్తారా?

మాధవి: రేపూ ఎల్లుండీ మేము బంధువుల ఇంట్లో ఉంటాం. ఫోన్ చూడటం కుదరదు.

కిరణ్: మొదటిది బాగా అర్థమైంది. కాస్త బాధగా ఉన్నా అర్థమైంది. రెండోది?

సాయంత్రం 7:41

మాధవి: ఫోన్ తమ్ముడి దగ్గరుంది, ఇప్పుడే ఇచ్చాడు. రెండో ఉదాహరణ రాసుకోండి. సోమవారం క్లాసు ఆరింటికి. మనం ఐదున్నరకే వెళ్తే ముందు బెంచీ దొరుకుతుంది.

కిరణ్: ఐదుంపావుకి వెళ్తే?

మాధవి: అతిశయోక్తి వేరే పాఠం.

కిరణ్: ఏమంటారు మరి?

మాధవి: ఏమి + అంటారు = ఏమంటారు. ఇత్వ సంధి. ఇక్కడ వైకల్పికం.

కిరణ్: అంటే జరగొచ్చు, జరగకపోవచ్చు.

మాధవి: సూత్రం బాగా గుర్తుంచుకున్నారు.

సాయంత్రం 7:52

మాధవి: ఐదుంపావు. నోట్సు మాత్రం నిజంగానే రాసుకురండి, నాన్నగారు ఒకసారి చూస్తానన్నారు.